తప్పు కుర్చీదా, జిన్నుదా, పత్తిదా

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను ఆదోనిలో ఒక పత్తి జిన్నులో, గింజ నుంచి దూది వేరుచేసే మిల్లులో, పనిచేసేవాణ్ణి. పన్నెండో ఏడు నడుస్తోంది. నాకు నలభై ఒకటి. మాఘమాసంలో, పత్తి బండ్లు రావడం మొదలైన వారానికి, మా సావుకారు మార్కెట్‌లో సరుకు కొనే పనికి కొత్త మనిషిని తెచ్చిపెట్టాడు. ఊళ్ళోనే ఇంకో జిన్నులో పనిచేస్తున్నవాణ్ణి. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఆ పని నాకిస్తాడని నేను రెండేళ్ళుగా అనుకుంటున్నాను.

నా పని చెబితేగాని నా కడుపుమంట అర్థం కాదు. రైతు తెచ్చే పత్తిలో దూది ఉంటుంది, గింజ ఉంటుంది. జిన్నులో ఆడిస్తే వంద పాళ్ళ పత్తికి ఎన్ని పాళ్ళ దూది దిగుతుందో ముందుగా చెప్పడం నా పని. బడిలో నాలుగో తరగతి దాటని నేను ఆ లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. దూదితో ఉన్న గింజలు నూరు ఏరి కంసాలి తక్కెడలో తూచేవాణ్ణి. తర్వాత దూది ఒలిచి ఉత్త గింజలు తూచేవాణ్ణి. మొదట అరవై ఆరు గురిగింజల ఎత్తు తూగి, ఒలిచాక నలభై ఆరు తూగితే, ఇరవై దూది. వందకు ముప్పై, ఆపైన చిల్లర. ఇది ఎవరైనా చేయగలరు. ఎవరూ చేయలేనిది తేమ లెక్క. మంచుకు నానిన పత్తి ఒక తీరుగా తూగుతుంది, ఎండలో ఆరింది ఇంకో తీరుగా. గింజను పంటి కింద పెట్టి నొక్కితే, పొడిదైతే టక్కున పగులుతుంది, పచ్చిదైతే మెత్తగా అణుగుతుంది. ఆ పగిలే తీరును బట్టి ఎంత తీసేయాలో నా తలలో ఒక పట్టీ ఉండేది. దాన్ని కాగితం మీద పెట్టలేదు. ఆదోనిలో ఆ పని చేసేవాడెవడూ తన పట్టీని ఇంకొకడికి చెప్పడు. అది మా పద్ధతి. చెబితే పని పోతుందని భయం.

కొనే మనిషి పని వేరు. అతను మార్కెట్‌లో నిలబడి, దళారితో గుడ్డ కింద చెయ్యి కలుపుతాడు. పైన తువ్వాలు, కింద వేళ్ళు. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే ఎంత ధరో ఇద్దరికే తెలుసు, పక్కవాడికి తెలియదు. బండి కొనాలా వద్దా అని తేల్చేది అతనే. నేను చెప్పిన అంకె పట్టుకుని పోయి అతను తేలుస్తాడు. ఆ తేల్చే పని నాకు కావాలి. జీతం మాట రెండోది. పన్నెండేళ్ళు నేను అంకె చెప్పాను, ఇంకొకడు ఔనో కాదో అన్నాడు. ఇంక పన్నెండేళ్ళు కూడా ఇంతేనా అన్నదే నన్ను తొలిచింది.

ఆ సాయంత్రం సావుకారుతో అడిగేశాను.

"నాకెందుకు ఇయ్యలేదు సావుకారూ?"

"నీకా?" ఆయన నవ్వినాడు. "నువ్వు మార్కెట్‌కు పోతే ఈడ పత్తి ఎవురు సూస్తారప్పా? నీ లెక్క నీకు తప్ప ఎవురికి వస్తాది? నువ్వు నాకు ఈ కుర్చీలోనే కావాల. వచ్చే ఏడు ఇంకో మనిషి కావాల్నేలే, అప్పుడు సూద్దాం."

పొగడ్త అనుకుని ఇంటికి వచ్చాను. మా ఆవిడ జొన్నరొట్టె తడుతోంది. చెప్పినా చెయ్యి ఆగలేదు, తల కూడా ఎత్తలేదు. "పోయినేడు కూడా సూద్దామనే అనినాడు కదా," అంది.

అప్పుడు కూర్చుని పలక మీద మూడు గళ్ళు గీశాను. కుర్చీ, జిన్ను, పత్తి. నేను ఎదగకపోవడానికి ఈ మూడింటిలో ఒకటే కారణం కావాలి. కుర్చీదైతే, ఇదే జిన్నులో వేరే పనికి మారాలి. జిన్నుదైతే, ఇదే పనితో వేరే జిన్నుకు పోవాలి. పత్తిదైతే, ఈ వ్యాపారమే వదలాలి. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకోదానికి వేస్తే ఉన్నదీ పోతుంది. నలభై ఒకటో ఏట తప్పు గడిలో అడుగేస్తే వెనక్కి రావడానికి వయసుండదు.

ఒక్కొక్క గడినీ పరీక్షించే తీరు కూడా రాసుకున్నాను. మా జిన్నులో వేరే కుర్చీల్లోవాళ్ళు పైకి పోతున్నారా? పోతున్నారు. దూది బేళ్ళు మోసిన మనిషి, బేళ్ళు కట్టే ప్రెస్సుకు మేస్త్రీ అయ్యాడు. ఇంజనుకు నూనె పోసినవాడు ఇంజను నడుపుతున్నాడు. అంటే ఇక్కడ ఎదుగుదలకు తలుపు మూసిలేదు. ఇక వేరే జిన్నుల్లో నా పని చేసేవాళ్ళు పైకి పోయారా? ఇది ఇంట్లో కూర్చుంటే తేలేది కాదు. సీజను ముగిసేలోపు ఊళ్ళో ఏడు జిన్నులు తిరిగాను. టీ తాగించి అడిగాను. అయిదు జిన్నుల్లో నాలాంటివాడు నాలాగే ఉన్నాడు. రెండింట్లో పైకి పోయినారు. ఒకడు సావుకారుకు అల్లుడు, ఇంకొకడు తమ్ముడు. అల్లుణ్ణి అయ్యే వయసు నాది కాదు. జిన్ను గడి కొట్టేశాను.

ఆ కొట్టివేత తప్పని తెలియడానికి నాకు పది నెలలు పట్టింది.

ఇక పత్తి గడి మిగిలింది. ఎండాకాలంలో పని పలచబడ్డాక ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ ఒక నూలు సావుకారు మగ్గాలవాళ్ళకు నూలిచ్చి గుడ్డ తీసుకుంటాడు. లెక్కలు చూసే మనిషి కావాలని కబురు వచ్చింది. గింజకూ నూలుకూ సంబంధం లేదు, కొత్త వ్యాపారం.

ఆయన ముసలాయన. నన్ను చాప మీద కూర్చోబెట్టి అడిగాడు. "రెండు వేల పోగులు. పడుగు యాభై గజాలు. నలభయ్యో నంబరు నూలు. ఎంత ఇయ్యాల?"

నూలు లెక్క ముందురోజే ఒక నేతగాడి దగ్గర తెలుసుకుని వచ్చాను. ఎనిమిది వందల నలభై గజాలు ఒక చిట్టా. అలాంటి చిట్టాలు నలభై కలిసి ఒక పౌను తూగితే అది నలభయ్యో నంబరు. రెండు వేల పోగులు యాభై గజాలంటే లక్ష గజాలు. నూటపంతొమ్మిది చిట్టాలు. "మూడు పౌన్లకు వెంట్రుకవాసి తక్కువ," అన్నాను. "తెగేది, చెడేది కలుపుకుంటే మూడు దాటుతాది."

"కాగితం లేకనే?" ముసలాయన కళ్ళు మెరిశాయి. "రేపు రాప్పా. నీ కోసమే కాసుకున్నట్లుండాది."

ఒక్క క్షణం పొంగిపోయాను. ఆ తర్వాత, దేన్నైనా సరిచూసుకునే నా అలవాటు అడ్డొచ్చింది. "ఇంతకుముందు ఈ లెక్క ఎవరు చూసేవారు?" అని అడిగాను.

"ఒకాయన ఉండె. బంగారంలాంటి మనిషి. పంతొమ్మిదేండ్లు ఆ మూలనే కూర్చునె. పోయినేడు కాలం సేసినాడు." చేత్తో మూల చూపాడు.

చూశాను. కూర్చునే మనిషి తల ఆనే ఎత్తులో, సున్నం గోడ మీద, తాటిపండంత నల్లటి నూనె మరక ఉంది. పంతొమ్మిదేళ్ళ తలనూనె.

"ఆయన ఎప్పుడన్నా గుడ్డ బేరం చేసినాడా? ఊర్లు తిరిగినాడా?"

"ఎందుకప్పా? ఆయన పోతే లెక్క ఎవురు సూస్తారు?"

అదే మాట. ఊరు వేరు, సరుకు వేరు, మాట అదే. రెండు రోజుల్లో కబురు చేస్తానని చెప్పి బస్సెక్కాను. కబురు చేయలేదు. మర్నాడు జిన్నుకు పోగానే నా కుర్చీ జరిపి గోడ చూశాను. మరక ఉంది. ఆయనదాని కంటే చిన్నది, అంతే తేడా.

పత్తి గడి కూడా కొట్టేశాను. నూలులోకి పోయినా, వేరుశనగలోకి పోయినా, ఇనుములోకి పోయినా, నేను పట్టుకుపోయేది ఈ కుర్చీనే. వ్యాపారం మారుతుంది, గోడకు మరక తప్పదు. మిగిలింది ఒక్కటే, కుర్చీ. సావుకారు నన్ను కదపనిది నా స్థానంలో ఇంకొకడు లేడని. మరి ఇంకొకణ్ణి తయారుచేస్తే?

ఇది నాకు తట్టిన ఆలోచన కాదు, ఒప్పుకోవాలి. ఎమ్మిగనూరు సంగతి విని మా ఆవిడే అంది. "నువ్వు ఎవురికీ సెప్పక పన్నెండేండ్లు దాసిపెట్టుకుంటివి. నువ్వే లోపల కూర్చుని నువ్వే గొళ్ళెం ఏసుకుంటివి. ఇంగ తలుపు తీయరే అని అరిస్తే ఎట్ల?"

కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మా జిన్నులో కాటా వేసే మనిషిని పిలిచాను. గోనెగండ్లవాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న, బస్తాలు మోసి మోసి కాటా దగ్గరికి వచ్చినవాడు. "నా లెక్క నీకు నేర్పుతాను," అన్నాను.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఏంటికన్నా? నీకేమన్నా జబ్బా?"

"జబ్బు లేదు."

"మరి ఈ ఊర్లో సచ్చేటోడు గూడా సెప్పడే ఇది."

ఆదివారాలు అతను చర్చి నుంచి నేరుగా జిన్నులో నేను మచ్చు చూసే గదికి వచ్చేవాడు. మిగిలిన మచ్చు పత్తి సంచులు ముందేసుకుని కూర్చునేవాళ్ళం. కొంత పత్తి మీద నీళ్ళు చిలకరించి, కొంత ఎండబెట్టి, కలిపి ఇచ్చేవాణ్ణి. మొదటి రోజే చిక్కు వచ్చింది. అతను వక్క నమిలేవాడు. గింజ పగిలింది పంటికి తెలియడం లేదు.

"వక్క మానెయ్."

"అన్నా, ఏమన్నా మానమను, అది తప్ప."

"అయితే కాటా దగ్గరే చావు."

నాలుగు ఆదివారాల తర్వాత మానేశాడు. మానేశాక నాకు అసూయ పుట్టేటంత బాగా పట్టుకున్నాడు. భిన్నాలు అతనికి ఎక్కలేదు. దానికి తనే ఒక ఉపాయం చేసుకున్నాడు, గులకరాళ్ళు పది వరుసలుగా పేర్చి, వందలో ఎంతో కళ్ళతో చూసేవాడు. నా పట్టీని మొదటిసారి కాగితం మీద రాసిచ్చాను. పన్నెండేళ్ళ గుట్టు ఒక అరఠావు కాగితం. ఇంతేనా అనిపించింది.

మళ్ళీ పత్తి వచ్చే కాలానికి ముందు, మా ఇద్దరినీ పరీక్షించమని సావుకారును పిలిచాను. ఆయన తనే తడిదీ పొడిదీ కలిపి అయిదు సంచుల పత్తి తయారుచేసి, ఇద్దరికీ విడివిడిగా ఇచ్చాడు. ఆడించి చూస్తే మూడింట్లో ఇద్దరిదీ ఒకటే. ఒకదాంట్లో నాది దగ్గర. ఒకదాంట్లో కాటా మనిషిది దగ్గర.

"శభాష్," అన్నాడు సావుకారు. కాటా మనిషి భుజం తట్టాడు.

"ఇంక ఈ కుర్చీ సూసేదానికి మనిషి ఉండాడు," అన్నాను. "నన్ను మార్కెట్‌కు పంపండి."

ఆయన ముఖంలో నవ్వు పోలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు. "మార్కెట్ అంటే లెక్క గాదప్పా. గుడ్డ కింద నీ చెయ్యి ఎవురు పట్టుకుంటారు? దళారులు నిన్ను ఎప్పుడన్నా సూసినారా? దానికి చెయ్యి పరిచయం కావాల. ఇంతకాలం గదిలో ఉంటివి."

"నన్ను గదిలో పెట్టింది మీరే కదా."

"నేను కాదంటినా? ఇప్పుడు మేలే అయింది. ఇద్దరైనారు. బండ్లు ఎక్కువొస్తే నువ్వు ఒకపక్క, ఈయప్ప ఒకపక్క సూడండి."

కాటా మనిషి నావైపు చూడలేకపోయాడు. నేను పలక మీద గళ్ళు గీసిన రోజు నుంచి పది నెలలు ఆయన చెప్పిన ఒక్క కారణాన్ని తీసేయడానికి పనిచేశాను. తీసేశాను. దాని కింద ఇంకో కారణం ఉంది. అది తీసేస్తే దాని కింద ఇంకొకటి ఉంటుందని అప్పుడు, నిలబడ్డచోటే, నాకు అర్థమైంది. ఇంటికి పోయి పలక తీసి గోడకేసి కొట్టాను. చెక్క చట్రం విరిగింది. పగిలిన పలకను మా ఆవిడ ఏరి, పెద్ద ముక్క నా ముందు పెట్టింది. "ఇంకా రాసేదానికి చోటుండాది," అంది.

మూడు రోజులు ఉడికిపోయాక, చేతకానివాడిలా కాకుండా లెక్కవాడిలా ఆలోచించాను. ఒకటి మార్చినా జవాబు మారకపోతే, తప్పు దాంట్లో లేదు. కుర్చీ ఖాళీ చేయడానికి మనిషిని ఇచ్చాను, జవాబు మారలేదు. అయితే తప్పు నేను కొట్టేసిన గడిలో ఉంది. ఏడు జిన్నులు తిరిగి ఎక్కడ తప్పాను?

అడిగిన ప్రశ్నలో తప్పాను. "నీలాంటివాడు ఈ జిన్నులో పైకి పోయాడా" అని అడిగాను. అడగాల్సింది అటువైపు నుంచి. ఇప్పుడు గుడ్డ కింద చెయ్యి పెడుతున్నవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు?

తొలి బండ్లు రాగానే, సెలవు పెట్టి మార్కెట్‌కు పోయి రోజంతా నిలబడ్డాను. కొనేవాళ్ళు పదకొండు మంది. ఒక్కొక్కరినే అడిగాను. ఏడుగురు సావుకార్ల చుట్టాలు. నలుగురు కారు. ఆ నలుగురిలో ఒక్కడు కూడా తాను చిన్న పని చేసిన జిన్నులో కొనేవాడు కాలేదు. నలుగురూ ఒకచోట గుమాస్తాగా, తూకందారుగా ఉండి, ఇంకోచోటికి పోయి కొనేవాళ్ళయ్యారు. మా జిన్నుకు వచ్చిన ఆ కొత్త మనిషి కూడా ఆ నలుగురిలో ఒకడు. ఏడాది పాటు రోజూ నా కళ్ళ ముందు నడిచాడు, నేను అతని మీద కుళ్ళుకోవడమే గాని, అతను ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఒక అంకెగా చూడలేదు.

అతన్నే అడిగాను. దాచకుండా చెప్పాడు. "ఆడ నేను తొమ్మిదేండ్లు తూకం చీట్లు రాసినోణ్ణి. నేను ఆడ ముసలోణ్ణయినా చీట్లు రాసేటోడే. మీ సావుకారు నన్ను చీట్లు రాయంగ సూడలేదు కదా. నిన్ను మాత్రం పన్నెండేండ్లు కుర్చీలో సూసినాడు. ఆయన కండ్లకు నీకూ ఆ కుర్చీకీ తేడా తెల్దన్నా."

కాబట్టి పని మారాలి. కానీ ఇక్కడ మారదు. జిన్ను మారితేనే పని మారుతుంది. వ్యాపారం మాత్రం మారకూడదు, ఎందుకంటే నా దగ్గరున్న ఒక్క విద్యా పత్తిదే. మూడు గళ్ళలో ఒకటే కారణమని మొదట్లోనే అనుకోవడం నా అసలు తప్పు. రెండు గళ్ళు కలిసి ఒక తాళం.

ఆస్పరి దారిలో ఒక నూనె మిల్లు ఆయన కొత్తగా జిన్ను పెడుతున్నాడు. పత్తి ఆయనకు తెలియదు. పోయి కలిశాను. గది పని అడుగుతాననుకున్నాడేమో, "లెక్కలు సూసేదానికి మనిషి దొరికినాడే," అన్నాడు.

"లెక్కల మనిషిగా రాలేదు," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "మార్కెట్‌లో కొనే మనిషిగా వచ్చినాను. మిగతావాళ్ళు మచ్చు జిన్నుకు పంపి, అంకె వచ్చేదాకా కాసుకుంటారు. నేను బండి పక్కనే గింజ కొరికి చెబుతాను. మీరు ఒక సీజను చూడండి. అంకె తప్పితే నేనే పోతాను."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. నన్ను ఏ కుర్చీలోనూ చూడని మనిషి. "గుడ్డ కింద బేరం తెలుసునా?"

"తెలియదు. నేర్చుకుంటాను."

ఒక సీజనుకు అని ఒప్పుకున్నాడు. పాత సావుకారుకు చెబితే, ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అడిగింటే నేనే ఇస్తుంటి కదప్పా," అన్నాడు. ఎన్నిసార్లు అడిగానో ఆయనకు లెక్క చెప్పబోయి మానుకున్నాను.

మొదటి రోజు మార్కెట్‌లో దళారి నా చేతి మీద తువ్వాలు కప్పి వేళ్ళు పట్టుకున్నాడు. ఏ వేలు నొక్కాలో అడిగి తెలుసుకుని, వారం రోజులు ఇంట్లో మా ఆవిడ చేతి మీద సాధన చేశాను. అయినా ఆ చెమట చేతిలో అన్నీ కలిసిపోయాయి. ఒకదానికి ఇంకోటి నొక్కాను. దళారి పెద్దగా నవ్వాడు. "ఏమప్పా, ఇంత ధర పెడితే మీ సావుకారు జిన్ను నాకు రాసిస్తాడా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెయ్యి వెనక్కి తీసి, తుడుచుకుని, మళ్ళీ తువ్వాలు కింద పెట్టాను. ఆ రోజు నాలుగు బండ్లు కొన్నాను. రెండు బండ్లు వద్దన్నాను. వద్దని నేను, నా నోటితో అన్నాను. ఆడిస్తే మూడు బండ్లకు నా అంకె దిగింది. ఒకటి ఒక పాలు తక్కువ దిగింది. దానికి ఆ వారమంతా తిండి సహించలేదు.

సీజను తర్వాత కూడా కొత్తాయన నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఉన్నాను. ఇప్పటికీ వేళ్ళు ఒక్కోసారి తడబడతాయి. పదేళ్ళు ముందు మొదలుపెట్టి ఉంటే తడబడేవి కావు. ఆ పదేళ్ళను ఎవరి మీద రాయాలో మాత్రం ఇంకా తేలలేదు. సావుకారు మీద కొంత. గుట్టు దాచుకున్న నా మీద ఎక్కువ.

ఒక మధ్యాహ్నం పాత జిన్నుకు పోయాను. నా కుర్చీలో కాటా మనిషి గింజ కొరుకుతున్నాడు. ఎదురుగా ఇద్దరు హమాలీలు గులకరాళ్ళు వరుసలు పేర్చుకుని కూర్చున్నారు.

"అప్పుడే నేర్పుతాండావా?" అన్నాను.

"నేర్పకుంటే నేను యాడికి పోయేదన్నా? ఇంకో రెండేండ్లు. ఆపైన కొనే పని ఈడ అడిగేది లేదు, ఇంకో జిన్నుకు పోయి అడుగుతా."

అతని వెనక గోడ చూశాను. నా మరక అలాగే ఉంది. కుర్చీ మాత్రం గోడకు మూరెడు దూరంగా జరిపి ఉంది.